ఆ కంప్యూటర్‌కు ఎన్ని తెరలు కనిపిస్తున్నాయి?

"సార్, నేను హన్మకొండలో డిగ్రీ లెక్చరర్‌ని. వచ్చే శనివారం ఇంకో కాలేజీ సెమినార్ హాల్లో రామప్ప గుడి మీద 40 నిమిషాలు మాట్లాడాలి. నోట్సు నాకు మాత్రమే కనిపించాలి, సభకు స్లైడ్లు మాత్రమే. ఇంట్లో ల్యాప్‌టాప్‌ను టీవీకి పెట్టి చూస్తే చక్కగా వచ్చింది. పోయినసారి అదే హాల్లో వాళ్ల కంప్యూటర్ మీద పెడితే ముందు నోట్సు ఎక్కడా రాలేదు. అక్కడి అబ్బాయి ఏదో నొక్కాడు, నోట్సు మొత్తం పెద్ద తెర మీద వచ్చింది. నా ముందున్న మానిటర్‌లోనూ అదే. టెన్షన్‌తో మాట కూడా సరిగా రాలేదు. ఈసారి ఒక ప్రొఫెసర్ గారు జూమ్‌లో కూడా వింటారు. ఏం చేయాలి?"

మేడమ్, మీ ప్రశ్నలో "నా ముందున్న మానిటర్‌లోనూ అదే" అన్న ముక్క చాలా ముఖ్యం. జవాబు సగం దాంట్లోనే ఉంది. పెద్ద తెర మీద నోట్సు, మీ మానిటర్‌లో స్లైడు కనిపించి ఉంటే రెండు తెరలూ తారుమారయ్యాయని అనుకునేవాణ్ణి. అది ఒక్క క్లిక్కుతో సరిపోయేది. రెండింట్లోనూ ఒకటే కనిపించిందంటే ఆ కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది రెండు తెరలు కాదు, ఒక్కటే. ఉన్న ఒక్క బొమ్మే రెండు చోట్లకు వెళ్తోంది. అలాంటప్పుడు పవర్‌పాయింట్ ఏం చేసినా మీకొకటి, సభకొకటి చూపించలేదు.

అందుకే మొదట నోట్సు ఎక్కడా రాలేదు. తెర ఒక్కటే కాబట్టి స్లైడు నిండుగా వచ్చింది, అంతే. తర్వాత ఆ అబ్బాయి స్లైడు మీద కుడి క్లిక్ చేసి `Show Presenter View` నొక్కి ఉంటాడు, లేదా `Alt + F5` కొట్టి ఉంటాడు. ప్రెజెంటర్ వ్యూ అంటే మాట్లాడేవాళ్ల కోసం స్లైడు పక్కన నోట్సు కూడా చూపించే తెర. ఒక్క తెర ఉన్నా దాన్ని తెరిచే దారులు అవి. ఇంట్లో ఒంటరిగా రిహార్సల్ చేసుకోవడానికి బాగా పనికొస్తాయి. సభలో, తెర ఒక్కటే ఉన్నచోట కొడితే మాత్రం మన నోట్సు, గడియారం, తర్వాతి స్లైడు అన్నీ ఊరందరికీ కనిపిస్తాయి. పాపం అతను సాయం చేద్దామనే చేసి ఉంటాడు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. ఒక కాలేజీలో అధ్యాపకులకు కంప్యూటర్ క్లాసు చెబుతున్నాను. నోట్సులో నాకోసం "ఇక్కడ ఆగు, నీళ్లు తాగు, వెనక బెంచీలో ఎవరూ వినడం లేదు" అని రాసుకున్నాను. అది గోడంత అక్షరాలతో వచ్చింది. వెనక బెంచీ వాళ్లే ముందు నవ్వారు. అప్పటి నుంచి ఏ హాల్లోకి వెళ్లినా నేను మొదట చూసేది ప్రొజెక్టర్‌ను కాదు, దాని తీగ ఎక్కడి నుంచి వస్తోందో.

మరి మీ ఇంట్లో టీవీకి పెడితే ఎందుకు వచ్చింది? అక్కడ ల్యాప్‌టాప్ తెర ఒకటి, టీవీ ఒకటి. విండోస్‌కు రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మామూలుగా తీగ పెట్టగానే రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తుంది. దాన్ని `Duplicate` అంటారు. రెండింటినీ పక్కపక్కన ఉన్న రెండు బల్లల్లా వాడుకోవడం `Extend`. ప్రెజెంటర్ వ్యూకు కావలసింది ఈ రెండోది. కొంచెం కొత్త పవర్‌పాయింట్‌లలో `File > Options > Advanced` లోపల, `Display` అన్న భాగంలో `Automatically extend display when presenting on a laptop or tablet` అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ ఉంటే ల్యాప్‌టాప్‌లో మీరు `F5` కొట్టగానే పవర్‌పాయింటే తెరలను విడదీసి, షో అయిపోగానే మళ్లీ మామూలుగా పెట్టేస్తుంది. ఇంట్లో మీరేమీ చేయకుండానే పని జరిగిందంటే ఇదే కారణం అయి ఉంటుంది. ఆ వాక్యంలో ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ అనే ఉంది చూడండి. కాలేజీ బల్ల మీది డెస్క్‌టాప్ అదే మర్యాద చేస్తుందని నమ్ముకోవద్దు.

ఇక ఆ హాలు సంగతి. మన దగ్గర చాలా సెమినార్ హాళ్లలో పోడియం పక్కన ఒక కంప్యూటర్, దాని వెనక అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని స్ప్లిటర్ అంటారు. కంప్యూటర్ నుంచి ఒక తీగ దాంట్లోకి పోతుంది, దాంట్లోంచి రెండు తీగలు బయటికి వస్తాయి. ఒకటి మానిటర్‌కు, ఇంకొకటి పైకప్పుకు వేలాడే ప్రొజెక్టర్‌కు. నీళ్ల పైపుకు టీ జాయింట్ వేసినట్టే. రెండు కొళాయిల్లోనూ అవే నీళ్లు వస్తాయి కదా. కంప్యూటర్‌కు తెలిసింది ఒక్క తీగ మాత్రమే, కాబట్టి ఒక్క తెర మాత్రమే. మీ హాల్లో ఉన్నది ఇదేనని నా అనుమానం.

అనుమానం తీర్చుకోవడానికి నిమిషం చాలు. శుక్రవారం సాయంత్రం ఆ హాలుకు ఒకసారి వెళ్లండి. ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట కుడి క్లిక్ చేసి `Display settings` తెరవండి. పైన నీలం లేదా బూడిద రంగు గళ్లలో అంకెలు ఉంటాయి. `1`, `2` అని రెండు ఉంటే తెరలు విడిగానే ఉన్నాయి. రెండూ కలిసి `1|2` అని ఒకే గడిలో ఉంటే విడిగా ఉండి కూడా `Duplicate`లో ఉన్నాయి. అప్పుడు `Windows` మీటతో పాటు `P` నొక్కి `Extend` ఎంచుకుంటే సరిపోతుంది. ఒక్క తెరే కనిపిస్తూ, `2` అన్నది ఎక్కడా లేకపోయినా పెద్ద తెర మీద బొమ్మ వస్తూనే ఉంటే స్ప్లిటర్ ఉన్నట్టు. అప్పుడు `Extend` వందసార్లు నొక్కినా ఏమీ కాదు. చాలామంది ఇక్కడే పావుగంట పోగొట్టుకుంటారు, పవర్‌పాయింట్ పాడైందనుకొని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లను కూడా చూశాను.

స్ప్లిటర్ ఉంటే రెండు దారులు. ఒకటి, దాన్ని తీసేసి ప్రొజెక్టర్ తీగను నేరుగా కంప్యూటర్‌కు, మానిటర్‌ను ఇంకో పోర్టుకు పెట్టడం. ఇది ఆ కాలేజీ వాళ్లు తీరిగ్గా చేసుకోవలసిన పని. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే రెండు తీగలూ దానికే పెట్టాలి. మదర్‌బోర్డు మీది పోర్టు అలాంటి కంప్యూటర్లలో చాలాసార్లు పని చేయదు. పోర్టు ఉంది కదా అని తీగ పెడతారు, బొమ్మ రాదు, తీగ పోయిందనుకుంటారు. సెమినార్ ముందురోజు మీరు ఈ రొంపిలోకి దిగవద్దు.

రెండో దారి మీ సొంత ల్యాప్‌టాప్. నేను మీకు చెప్పేది ఇదే. ఆ కంప్యూటర్ నుంచి స్ప్లిటర్‌లోకి పోయే తీగను కంప్యూటర్ వైపు పీకి మీ ల్యాప్‌టాప్‌కు పెట్టండి. స్ప్లిటర్ జోలికి పోనక్కరలేదు. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌కు తన తెర ఒకటి, స్ప్లిటర్ వైపున్నదంతా కలిపి రెండోది. పోడియం మీది మానిటర్‌లోనూ, ప్రొజెక్టర్ మీదా స్లైడే వస్తుంది. నోట్సు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఇంతకుముందు శత్రువైన ఆ పెట్టె ఇప్పుడు మీ ముందు స్లైడు చూపించే చిన్న అద్దంలా పనికొస్తుంది. వెనక్కి తిరిగి గోడ చూడనక్కరలేదు.

ఒక్క చిక్కు, ఆ తీగ వీజీఏ అయి ఉండొచ్చు. నీలం తల, రెండు పక్కలా బిగించే స్క్రూలు ఉంటాయి. మీ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త. మీకు కావలసింది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు, అది ఎదురు దిశలో పని చేయదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు తగిలే కొస హెచ్‌డీఎంఐ మగ కొస అయి, రెండో కొస నీలం తీగను పట్టుకునే ఆడ కొస అయితే అది మీదే. కన్వర్టర్ మీదే తీసుకెళ్లండి, హాల్లో ఉంటుందని చెప్పినా సరే. అలాంటివి బీరువా తాళంతో పాటు మాయమవుతుంటాయి.

తీగ పెట్టాక చేయాల్సింది వరసగా చెబుతాను, మీ రామప్ప ప్రెజెంటేషన్‌నే తీసుకుందాం.

`Windows + P` నొక్కి `Extend` ఎంచుకోండి. పెద్ద తెర మీద మీ వాల్‌పేపర్ మాత్రమే, ఐకాన్లు లేకుండా కనిపిస్తుంది. అది చూసి కంగారు పడొద్దు, సరిగ్గా జరిగిందనడానికి గుర్తే అది. `Display settings`లో `Identify` నొక్కితే ప్రతి తెర మీదా దాని అంకె వస్తుంది. ల్యాప్‌టాప్ మీద 1, గోడ మీద 2 వస్తే హాయి. గోడ మీద 1 వచ్చినా తప్పు కాదు, ఏది ప్రధాన తెర అన్నదే లెక్క. ల్యాప్‌టాప్ గడిని ఎంచుకొని కింద `Make this my main display` అన్నదానికి టిక్ ఉందో లేదో చూడండి. పవర్‌పాయింట్ తనంతట తాను ఎంచుకునేటప్పుడు మామూలుగా ప్రధాన తెర మీద నోట్సు, రెండోదాని మీద స్లైడు వేస్తుంది. ఎవరో ఎప్పుడో ప్రొజెక్టర్‌ను ప్రధాన తెర చేసి వదిలేసిన కంప్యూటర్లలో నోట్సు గోడ మీదికి పోతుంది.

తర్వాత పవర్‌పాయింట్‌లో `Slide Show` ట్యాబ్. కుడివైపు `Use Presenter View` గడిలో టిక్ ఉండాలి. దాని పైన `Monitor` అన్నచోట `Automatic` ఉంచండి. అక్కడ ఏదో ఒక తెర పేరు ఎంచి పెడితే ఇంకో హాల్లో ఇబ్బంది పెడుతుంది. ఇప్పుడు `F5`. మీ ల్యాప్‌టాప్‌లో ఎడమవైపు పెద్దగా ఇప్పటి స్లైడు, కుడివైపు పైన రాబోయే స్లైడు, కింద నోట్సు, స్లైడు పైన గడిచిన సమయం. గోడ మీద పాలంపేట గుడి ఫొటో మాత్రమే. తారుమారైతే ప్రెజెంటర్ వ్యూలో పైన `Display Settings` నొక్కి `Swap Presenter View and Slide Show` ఎంచుకోండి. అయిపోతుంది. అదే మెనూలో `Duplicate Slide Show` కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే నోట్సు పోయి రెండు తెరల మీదా స్లైడే వస్తుంది, అనుకోకుండా నొక్కకండి.

పరీక్షకు ఒక చిట్కా. మొదటి స్లైడు నోట్సులో "ఇది నాకు మాత్రమే" అని రాసి పెట్టుకోండి. `F5` కొట్టగానే హాలు చివరికి నడిచి వెళ్లి గోడ చూడండి. పోడియం దగ్గర నిలబడి "వచ్చింది" అనుకోవడం వేరు, వెనక వరస నుంచి చూడడం వేరు. ఆ నడకలోనే ఇంకొకటి తెలుస్తుంది. పాత ప్రొజెక్టర్లు చాలావాటికి అసలు కొలత 1024×768. మీ స్లైడ్లు 16:9 కొలతలో ఉంటే గోడ మీద బొమ్మ ఎత్తు 576 పిక్సెళ్లకే పరిమితమై, పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. అది లోపం కాదు. కానీ శాసనం ఫొటో కింద చిన్నగా వేసిన అక్షరాలు వెనక బెంచీకి చదవరావు. `Extend`లో ఇంకో సుఖం ఉంది. ఏ తెర కొలత దానిదే కాబట్టి ల్యాప్‌టాప్‌లో మీ నోట్సు మాత్రం స్పష్టంగానే ఉంటుంది.

నోట్సు ఎలా రాయాలన్నది మీ ఇష్టం గానీ, రెండు మాటలు. పేరాలు పేరాలుగా రాస్తే మీరు చదువుతారు, మాట్లాడరు. కళ్లు ఒక్క చూపులో పట్టుకునేంతే రాయండి. "1213 శాసనం, రేచర్ల రుద్రుడు, గణపతిదేవుని కాలం" అని ఒక స్లైడుకు. "ఇసుక పునాది, తేలే ఇటుకలు, ప్రశ్న అడుగు" అని ఇంకోదానికి. "2021 యునెస్కో, ఇక్కడికి 30 నిమిషాలు దాటొద్దు" అని చివరిదానికి. మరచిపోయే అంకెలు, పేర్లు, సమయం, ఈ మూడే నోట్సులో ఉండాల్సినవి. అక్షరాలు చిన్నగా అనిపిస్తే నోట్సు గడి కింద రెండు `A` బొమ్మలు ఉంటాయి, పెద్దది చేసుకోవచ్చు. అద్దాలు తీసి పోడియం మీద పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇది ముందే చేసుకోవాలి.

రెండో మాట తెలుగు గురించి. మన దగ్గర డీటీపీ సెంటర్లలో టైపు చేయిస్తే చాలాసార్లు అను ఫాంట్లలో ఇస్తారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో నోట్సు తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. స్లైడ్లనైతే ఫొటోగా మార్చి గట్టెక్కొచ్చు, నోట్సును అలా చేయలేం. నోట్సు మాత్రం యూనికోడ్‌లోనే టైపు చేయండి. విండోస్ 8 నుంచి `Nirmala UI` అనే ఫాంట్ వస్తోంది, తెలుగు దాంతో తప్పకుండా కనిపిస్తుంది.

ఇక జూమ్. రెండు తెరలు ఉన్నప్పుడు `Share` నొక్కితే ఏ తెర అని అడుగుతుంది. అలవాటు కొద్దీ మొదటిదాన్ని నొక్కితే హాల్లో వాళ్లకు అంతా సరిగ్గా ఉండి, దూరంగా ఉన్న ప్రొఫెసర్ గారికి ఒక్కరికే మీ నోట్సంతా కనిపిస్తుంది! ఆయన మర్యాదకు చెప్పరు కూడా. కాబట్టి ముందు `F5` కొట్టి స్లైడ్ షో మొదలుపెట్టండి. తర్వాత `Alt + Tab`తో జూమ్‌కు వచ్చి, చిన్న బొమ్మల్లో నిండుగా స్లైడు కనిపిస్తున్న తెరను ఎంచుకోండి. మామూలుగా అది `Screen 2` అయి ఉంటుంది, కానీ అంకెను కాకుండా బొమ్మను నమ్మండి. పంచుకుంటున్న తెర చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది. అది గోడ మీద ఉందా, మీ ల్యాప్‌టాప్ మీద ఉందా చూస్తే తేలిపోతుంది. ఇంకా నమ్మకం కావాలంటే మీ ఫోన్‌తో అదే మీటింగ్‌లో చేరి, మైకు, స్పీకరు ఆపి పక్కన పెట్టుకోండి. ఫోన్‌లో కనిపించేదే ఆయన చూసేది.

హెచ్‌డీఎంఐ తీగ నేరుగా దొరికితే ఒక్క విషయం. శబ్దం కూడా ఆ తీగలోనే ప్రొజెక్టర్‌కు పోవచ్చు. అక్కడ స్పీకరు లేకపోతే మీ వీడియో మూగబోతుంది. గడియారం పక్కన స్పీకరు బొమ్మ నొక్కి శబ్దం ఎటు పోవాలో మార్చుకోవచ్చు. ఇంకొకటి, స్లైడులోని లింకు నొక్కితే బ్రౌజర్ కొన్నిసార్లు మీ తెర మీదే తెరుచుకుంటుంది, సభకు ఏమీ కనిపించదు. ఆ కిటికీ ఎంచుకొని `Windows + Shift + →` కొడితే పక్క తెరకు దూకుతుంది. వీలైతే లింకులే పెట్టకండి, వీడియోను స్లైడులోనే చేర్చండి.

మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగి చర్చ మొదలైతే `B` నొక్కండి, గోడ నల్లగా అవుతుంది. మళ్లీ `B` నొక్కితే స్లైడు తిరిగి వస్తుంది. ఫలానా స్లైడు కావాలంటే, ఉదాహరణకు 12 కావాలంటే, `12` కొట్టి `Enter`. సభకు మీరు వెతుకుతున్నట్టే తెలియదు. చివరి స్లైడు తర్వాత పొరపాటున ఇంకోసారి నొక్కినా వాల్‌పేపర్ బయటపడకుండా `File > Options > Advanced`లో `End with black slide`కు టిక్ ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఇన్ని చెప్పినా, ఆ హాలు వాళ్లు "తీగలు ముట్టుకోవద్దు, మా కంప్యూటరే వాడాలి" అంటే వాదనకు దిగకండి. స్ప్లిటర్ ఉన్న కంప్యూటర్ మీద ప్రెజెంటర్ వ్యూ మీకొక్కరికే కనిపించేలా రాదు. అప్పుడు `File > Print`లో `Notes Pages` ఎంచి కాగితాలు తీసుకెళ్లండి, పేజీకో స్లైడు బొమ్మ, దాని కింద నోట్సు వస్తాయి. పేజీ అంకెలు పెద్దగా వేసి, పిన్ను కొట్టకుండా విడి కాగితాలుగా ఉంచుకోండి. ఆ అబ్బాయికి మాత్రం ముందే చెప్పండి, `Alt + F5` కొట్టొద్దని, `Show Presenter View` నొక్కొద్దని.